వినబడటం వేరు, వినబడిందనడం వేరు: ఒక శ్రవణ ప్రయోగం డైరీ

1వ రోజు

హోరు మధ్యలో సన్నగా మోగే బీప్‌ను 19 ఏళ్ల మా తమ్ముడూ, 61 ఏళ్ల మా మామయ్యా ఒకేలా పసిగట్టగలరా అన్నది నా ప్రశ్న. వయసు పైబడిన చెవి వెనకబడుతుందన్న ఊహతోనే పని మొదలుపెడుతున్నానని ముందుగా రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే అంకెలు చేతికొచ్చాక మొదట్లో ఏమనుకున్నామో మర్చిపోవడం చాలా తేలిక.

ఏర్పాటు సాదాగానే ఉంది. మేడ మీది గదిలో ఫ్యాను ఆపి, తలుపు వేసి, చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు పెట్టి వినిపిస్తాను. ప్రతి విడతలోనూ 500 మిల్లీసెకన్ల పాటు టీవీలో ఛానల్ రానప్పుడు వచ్చేలాంటి హోరు వస్తుంది. సగం విడతల్లో ఆ హోరు మధ్యలో 200 మిల్లీసెకన్ల 1000 హెర్ట్జ్ బీప్ కలిసి ఉంటుంది, మిగతా సగంలో హోరు ఒక్కటే ఉంటుంది. బీప్ మొదలూ చివరా ‘టక్’ మనకుండా చెరి 10 మిల్లీసెకన్లు మెల్లగా ఎక్కి మెల్లగా దిగేలా చేశాను, లేకపోతే వినేవారు బీప్‌ను కాక ఆ టక్కును పట్టుకుంటారు. హోరు స్థాయి కంటే బీప్ స్థాయి 24 డెసిబెల్స్ తక్కువ. నేనే విని చూసుకుంటే కొన్నిసార్లు స్పష్టంగా ఉంది, కొన్నిసార్లు అనుమానంగా ఉంది, కొన్నిసార్లు అసలు లేనట్టే ఉంది. నాకు కావలసింది ఆ అనుమానపు మేరే. అంతా తేలిగ్గా వినబడినా, ఏమీ వినబడకపోయినా ఈ ప్రయోగం చెప్పగలిగేది ఉండదు.

వినేవారు ప్రతి విడత తర్వాత ‘ఉంది’ లేదా ‘లేదు’ అన్న రెండు మీటల్లో ఒకటి నొక్కాలి. దాంతో నాలుగు గళ్లు ఏర్పడతాయి. బీప్ ఉన్నప్పుడు ‘ఉంది’ అంటే హిట్, ‘లేదు’ అంటే మిస్. బీప్ లేనప్పుడు ‘ఉంది’ అంటే ఫాల్స్ అలారం, ‘లేదు’ అంటే సరైన తిరస్కరణ. హిట్లకూ మిస్సులకూ మొత్తం స్థిరం కాబట్టి ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే, రెండో జతకూ అంతే. అందుచేత నిజానికి నేను మోసుకెళ్లవలసినవి రెండే అంకెలు: హిట్ల నిష్పత్తి H, ఫాల్స్ అలారంల నిష్పత్తి F.

3వ రోజు

తమ్ముడితో 100 విడతల ట్రయల్ చేశాను. బీప్ లేని 50 విడతల్లో 16 సార్లు ‘ఉంది’ అన్నాడు. ‘లేని బీప్ ఎలా వినబడిందిరా’ అని అడిగితే, ‘నిజంగానే ఏదో మోగినట్టు ఉందక్కా, ఊరికే నొక్కలేదు’ అన్నాడు. వాడి మాట నమ్మి ఫైళ్లను తిరగేశాను, అప్పుడు నా పొరపాటు బయటపడింది.

సోమరితనంతో నేను హోరును ఐదు ఫైళ్లుగా ముందే తయారుచేసుకుని, వాటినే మార్చి మార్చి వినిపిస్తున్నాను. ఆ 16 ఫాల్స్ అలారంలను ఫైళ్లవారీగా విడదీస్తే, పదేసి విడతలకు వరుసగా 2, 1, 9, 3, 1 వచ్చాయి. మూడో ఫైలు ఒక్కటే పదింట తొమ్మిదిసార్లు వాడిని మోసం చేసింది. దాని స్పెక్ట్రం గీసి చూస్తే, 1000 హెర్ట్జ్ చుట్టుపక్కల దాని బలం మిగతా నాలుగింటి సగటు కంటే దాదాపు ఒకటిన్నర డెసిబెల్ ఎక్కువగా ఉంది. హోరు అంటే యాదృచ్ఛికం కదా, అలాంటి ముక్క అప్పుడప్పుడూ పుడుతూనే ఉంటుంది.

నాకీ పొరపాటు వల్ల నష్టం కంటే లాభమే ఎక్కువ జరిగిందనిపిస్తోంది, ఎందుకంటే సిగ్నల్ డిటెక్షన్ సిద్ధాంతం చెప్పే మూల విషయం కళ్లెదుట కనిపించింది. పాత పద్ధతిలో వినికిడికి ఒక గడప ఉంటుందని, శబ్దం ఆ గడప దాటితే వినబడుతుందని, దాటకపోతే వినబడదని అనుకునేవారు. ఆ లెక్కన బీప్ లేనప్పుడు ‘ఉంది’ అనడం కేవలం ఊహించి చెప్పడమే అవుతుంది. 1954లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో టానర్, స్వెట్స్ రాడార్ సంకేతాల కోసం పుట్టిన గణితాన్ని మనుషుల గ్రహణశక్తికి అన్వయించినప్పుడు చెప్పింది వేరు. హోరు ఒక్కటే ఉన్నప్పుడు కూడా వినేవారి లోపల ఎంతో కొంత ‘బీప్‌లాంటి’ అనుభూతి కలుగుతుంది, అది విడత విడతకూ మారుతూ గంట ఆకారపు వంపులా పరుచుకుంటుంది. బీప్ కలిపితే అదే వంపు కాస్త కుడికి జరుగుతుంది. రెండు వంపులూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి కాబట్టి, వినేవారు ఎక్కడో ఒకచోట గీత గీసుకుని, అనుభూతి ఆ గీత దాటితే ‘ఉంది’ అనాలి. మూడో ఫైలులో తమ్ముడు అబద్ధం చెప్పలేదు. ఆ హోరు వాడి గీతను నిజంగానే దాటింది.

సవరణ ఏమిటంటే, ఇకపై ప్రతి విడతకూ హోరు అప్పటికప్పుడు కొత్తగా తయారవుతుంది. ఐదు ఫైళ్లనే వాడుతూ పోతే వినేవారు వాటిని గుర్తుపట్టడం కూడా నేర్చుకుంటారు, అప్పుడు నేను కొలిచేది వినికిడిని కాక జ్ఞాపకాన్ని. ట్రయల్ లెక్కలన్నీ పక్కన పెట్టేశాను.

6వ రోజు

అసలు సెషన్ ఇద్దరికీ పూర్తయింది. ఒక్కొక్కరికి 200 విడతలు, బీప్ ఉన్నవి 100, లేనివి 100, ప్రతి 50 విడతలకూ రెండు నిమిషాల విరామం. బీప్ సగం సార్లు ఉంటుందని ఇద్దరికీ ముందే చెప్పాను.

తమ్ముడికి హిట్లు 90, ఫాల్స్ అలారంలు 40. మామయ్యకు హిట్లు 55, ఫాల్స్ అలారంలు 5.

నేను హిట్లు మాత్రమే లెక్కపెట్టి ఉంటే కథ ఇక్కడే ముగిసేది: నూటికి 90 పట్టుకున్న పడుచు చెవి, 55 దగ్గర ఆగిపోయిన వయసు మీరిన చెవి. నా మొదటి ఊహకు అచ్చంగా సరిపోయే కథ. సరైన జవాబులన్నీ కలిపి లెక్కిస్తే మాత్రం తమ్ముడివి 90కి తోడు 60 సరైన తిరస్కరణలు, మామయ్యవి 55కి తోడు 95. ఇద్దరికీ 200కు 150, అంటే సరిగ్గా 75 శాతం. రెండు కొలతలు రెండు రకాలుగా చెబుతున్నాయంటే, వాటిలో ఏదో వేరేది కలిసిపోయిందన్నమాట. అదేమిటో విడదీయడానికే కింది రెండు సూత్రాలు.

```
d' = z(H) - z(F)
c  = -(z(H) + z(F)) / 2
```

ఇక్కడ z అంటే, ఒక నిష్పత్తిని ప్రామాణిక గంట వంపు మీద ఏ స్థానానికి చెందుతుందో ఆ స్థానంగా మార్చడం. సగానికి అది సున్నా, సగం కంటే ఎక్కువకు ధనాత్మకం, తక్కువకు రుణాత్మకం. d' అంటే రెండు వంపుల శిఖరాల మధ్య దూరం, చెవికి బీప్‌కూ హోరుకూ మధ్య ఎంత తేడా తెలుస్తోందో అదే చెబుతుంది. దీనినే సున్నితత్వం అంటాం. c అంటే రెండు శిఖరాలకు సరిగ్గా నడిమధ్య నుంచి వినేవారి గీత ఎంత జరిగి ఉందో ఆ దూరం. సున్నా అయితే మొగ్గు లేదు, ధనాత్మకమైతే ‘లేదు’ వైపు మొగ్గు, రుణాత్మకమైతే ‘ఉంది’ వైపు మొగ్గు.

తమ్ముడి లెక్క చేత్తోనే వేశాను. z(0.90) = 1.28, z(0.40) = −0.25. కాబట్టి d' 1.53, c −0.51. మామయ్యకు z(0.55) = 0.13, z(0.05) = −1.64. కాబట్టి d' 1.77, c 0.76.

మామయ్య d' ఎక్కువగా వచ్చిందని చూడగానే ‘మామయ్య చెవే మెరుగు’ అని రాయబోయి ఆగాను. 100 విడతల చొప్పున వచ్చిన d' యాదృచ్ఛికంగా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే ప్రామాణిక దోషం లెక్కిస్తే తమ్ముడికి 0.21, మామయ్యకు 0.25 వచ్చింది, ఇద్దరి మధ్య తేడాకు 0.33 ఉంటుంది. వచ్చిన తేడా 0.24 మాత్రమే. ఈ అంకెలతో ఎవరి చెవి మెరుగో చెప్పలేం. కానీ c దగ్గర తేడా 1.27, దాని దోషం 0.16. హిట్లలో కనిపించిన ఆ 90కీ 55కీ మధ్య ఎడం చెవుల్లో ఉందనడానికి ఆధారం లేదు, గీతల్లో ఉందనడానికి బలమైన ఆధారం ఉంది.

మామయ్య బ్యాంకులో క్యాషియర్‌గా చేసి రిటైరయ్యారు. సెషన్ మధ్యలో ‘ఖాయంగా వినబడకుండా ఉందని ఎలా నొక్కమంటావమ్మా?’ అని ఒకటికి రెండుసార్లు అడిగారు. తమ్ముడు బీప్‌ను వదిలేయడం తప్పనుకున్నాడు, మామయ్య లేనిదాన్ని ఉందనడం తప్పనుకున్నారు. వినేవారి స్వభావమే ఇలా జవాబుల్లోకి వచ్చి కూర్చుంటుందని చదివాను గానీ, ఇంత స్పష్టంగా వస్తుందని ఊహించలేదు.

7వ రోజు

ఈరోజు కొత్తగా ఎవరికీ వినిపించలేదు. నిన్నటి లెక్కతో ఒక పరీక్ష చేశాను. ఇద్దరి జవాబులనూ ఒకే కుప్పగా పోసి d' తీస్తే ఏమవుతుంది? హిట్లు 200కు 145, ఫాల్స్ అలారంలు 200కు 45. z(0.725) = 0.60, z(0.225) = −0.76. d' 1.35, c 0.08.

ఈ 1.35 ఇద్దరిలో ఎవరి d' కంటే కూడా తక్కువ. పైగా c దాదాపు సున్నా, అంటే ఎవరికీ మొగ్గు లేదని చెబుతోంది. ఒకరు గట్టిగా ఎడమకూ, మరొకరు అంతకంటే గట్టిగా కుడికీ మొగ్గి ఉండగా, కుప్పపోస్తే మొగ్గే లేని, చెవి మందగించిన ఒక మూడో మనిషి పుట్టుకొచ్చాడు. z అనేది సరళరేఖ కాదు కాబట్టి, నిష్పత్తుల సగటుకు z తీయడమూ, zలు తీసి సగటు చేయడమూ ఒకటి కావు. ఒక్కొక్కరికి విడిగా d' తీశాకే సగటు చేయాలి, ఇక్కడది 1.65. ఒకే మనిషి గీత రోజురోజుకూ మారుతున్నప్పుడు ఆ రోజులన్నిటినీ కలిపేసినా ఇదే నష్టం జరుగుతుంది.

10వ రోజు

గీతను కావాలని కదిపి చూడవలసిన దశ ఇది. d' నిజంగా చెవిదే, c నిజంగా నిర్ణయానిదే అయితే, బీప్‌ను ముట్టుకోకుండా పరిస్థితిని మాత్రం మార్చినప్పుడు c కదలాలి, d' కదలకూడదు. బీప్ స్థాయి అదే 24 డెసిబెల్స్ కిందనే ఉంచి, అది ఎంత తరచుగా వస్తుందో మార్చాను. ఒక సెషన్‌లో 200 విడతలకు 50, మరో సెషన్‌లో 150. ఆ సంగతి వినేవారికి ముందే చెప్పాను. చెప్పకపోతే వాళ్లు దాన్ని నెమ్మదిగా కనిపెడుతూ సెషన్ మధ్యలోనే గీతను జరుపుకుంటూ పోతారు, అప్పుడు 7వ రోజు చూసిన కుప్ప సమస్య ఒకే సెషన్ లోపల మొదలవుతుంది.

తమ్ముడు బీప్ అరుదుగా ఉన్నప్పుడు 50కి 34 పట్టుకున్నాడు, 150కి 26 సార్లు తప్పుగా ‘ఉంది’ అన్నాడు. d' 1.41, c 0.24. బీప్ తరచుగా ఉన్నప్పుడు 150కి 144 పట్టుకున్నాడు, 50కి 31 సార్లు తప్పుగా అన్నాడు. d' 1.45, c −1.03. సగం సగం ఉన్నప్పుడు d' 1.53, c −0.51 అని గుర్తుచేసుకుంటే, మూడు సెషన్లలో వాడి హిట్లు 68 శాతం, 90 శాతం, 96 శాతం. చెవి మారలేదు, బీప్ మారలేదు, హిట్లు మాత్రం 68 నుంచి 96కు ఎక్కాయి. d' మూడుసార్లూ దోషం పరిధిలోనే నిలిచింది.

ఇంకొక విషయం నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. తప్పులు తగ్గించుకోవాలనుకునే ఆదర్శ శ్రోత బీప్ నాలుగింట ఒకసారే వస్తుందని తెలిస్తే గీతను ఎక్కడ పెట్టాలో సిద్ధాంతం చెబుతుంది. బీప్ లేని విడతలు ఉన్నవాటికి మూడు రెట్లు కాబట్టి, c విలువ ln(3)/d' కావాలి. d' సుమారు 1.5 అనుకుంటే అది 0.73. తమ్ముడు 0.24 దగ్గర ఆగాడు. అయితే వాడు కదిలిన దూరం −0.51 నుంచి 0.24 వరకు, అంటే 0.75. కదలవలసినంత కదిలాడు, కానీ మొదలైన చోటే బాగా ఎడమన ఉంది. ఒక్క సెషన్‌లోని c చూసి ‘వాడికి సంభావ్యత అర్థం కాలేదు’ అని రాసి ఉంటే తప్పయ్యేది.

11వ రోజు

మామయ్య విషయానికి వస్తే, బీప్ తరచుగా ఉన్న సెషన్ చక్కగా సాగింది. 150కి 123 హిట్లు, 50కి 10 ఫాల్స్ అలారంలు, d' 1.76, c −0.04. సగం సగం సెషన్‌లో వచ్చిన 1.77కు ఇది అతుక్కున్నట్టే ఉంది. ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం ఉందని నేను ఒప్పుకోవాలి, ఎందుకంటే ఒక్కో కొలతకూ 0.2కు పైగా దోషం ఉంది.

బీప్ అరుదుగా ఉన్న సెషన్ దగ్గర ఇబ్బంది వచ్చింది. 50కి 14 హిట్లు, 150కి ఒక్క ఫాల్స్ అలారం కూడా లేదు. z(0) అంటే రుణ అనంతం, d' అనంతం అయిపోయింది. మామయ్య చెవి అనంతంగా సున్నితమైనదనడం అర్థం లేని మాట. ఆయన గీతను ఎంత కుడికి జరిపారంటే, హోరు వంపు తోక అక్కడి వరకు చేరుతున్నా 150 విడతల్లో మనకు ఒక్కటీ చిక్కలేదు.

దీనికి వాడుకలో ఉన్న సవరణల్లో 1995లో హౌటస్ సమర్థించిన లాగ్-లీనియర్ పద్ధతి వాడాను. ప్రతి లెక్కకూ అర కలిపి, మొత్తానికి ఒకటి కలపడం అంతే.

```python
from scipy.stats import norm

def sdt(hit, miss, fa, cr):
    H = (hit + 0.5) / (hit + miss + 1)
    F = (fa + 0.5) / (fa + cr + 1)
    zH, zF = norm.ppf(H), norm.ppf(F)
    return zH - zF, -(zH + zF) / 2
```

సున్నా వచ్చిన గడికి మాత్రమే సవరణ చేస్తే ఒకరి లెక్క ఒకలా, మరొకరి లెక్క మరోలా అవుతుంది కాబట్టి, అన్ని సెషన్లనూ ఈ ఫంక్షన్‌తోనే మళ్లీ లెక్కించాను. మిగతావి కొద్దిగానే తగ్గాయి, మొదటి సెషన్‌లో తమ్ముడి 1.53 కాస్తా 1.51 అయింది, మామయ్య 1.77 కాస్తా 1.73 అయింది. సున్నా ఉన్న సెషన్‌కు మాత్రం d' 2.15, c 1.64 వచ్చాయి.

ఈ 2.15ను నమ్మవచ్చా అని ఒక చిన్న పరీక్ష చేశాను. మామయ్య ఆ 150 విడతల్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి వేలు జారి ‘ఉంది’ నొక్కి ఉంటే? `sdt(14, 36, 1, 149)` ఇచ్చిన d' 1.76. ఒక్క మీట నొక్కుడుతో 2.15 నుంచి 1.76కు పడిపోయే అంకె చెవి గురించి చెబుతున్నట్టు కాదు. వంపు తోక చివర z చాలా నిటారుగా ఉంటుంది, అక్కడ ఒక్క విడతే పెద్ద దూరంగా కనబడుతుంది. సవరణ సున్నా వల్ల లెక్క ఆగిపోకుండా చూస్తుందే గానీ, అక్కడ లేని సమాచారాన్ని తెచ్చి పెట్టదు. ఈ సెషన్‌ను d' పోలికలోంచి తీసేసి, c ఎటు కదిలిందో చెప్పడానికి మాత్రం ఉంచుకున్నాను.

14వ రోజు

ఇప్పటివరకు వేసిన లెక్కలన్నీ ఒక నమ్మకం మీద నిలబడి ఉన్నాయి: హోరు వంపూ, బీప్ వంపూ ఒకే వెడల్పుతో ఉన్నాయని. బీప్ వంపు వెడల్పు ఎక్కువైతే, గీత జరిగినప్పుడల్లా d' కూడా మారుతున్నట్టు కనబడుతుంది, అప్పుడు సున్నితత్వాన్నీ మొగ్గునూ విడదీశామన్న మాట చెల్లదు. దీన్ని తేల్చడానికి మామయ్యకు రెండు మీటల బదులు నాలుగు ఇచ్చాను: ఖాయంగా ఉంది, ఉందనుకుంటాను, లేదనుకుంటాను, ఖాయంగా లేదు. ఆయనకు ఈ పద్ధతి నచ్చింది. ‘అనుకుంటాను’ అన్న మీట ఉన్నందుకు ఆయన భుజాల మీది బరువు దిగినట్టయింది.

బీప్ ఉన్న 100 విడతల్లో ఆ నాలుగు మీటలూ వరుసగా 38, 22, 23, 17 సార్లు నొక్కారు. లేని 100లో 2, 5, 15, 78 సార్లు. ఒకే సెషన్‌లోంచి మూడు గీతలు దొరుకుతాయి. మొదటి మీటను మాత్రమే ‘ఉంది’గా తీసుకుంటే H 0.38, F 0.02. మొదటి రెండూ కలిపితే 0.60, 0.07. మూడూ కలిపితే 0.83, 0.22. మూడు చోట్లా సవరణ లేకుండా d' లెక్కిస్తే 1.75, 1.73, 1.73. z విలువలను గ్రాఫు మీద పెడితే మూడు చుక్కలూ ఒకే సరళరేఖ మీద పడ్డాయి, ఆ రేఖ వాలు 0.98. సమాన వెడల్పులుంటే వాలు 1 కావాలి. ఈ బీప్‌కూ ఈ శ్రోతకూ ఆ నమ్మకం నిలబడిందనుకోవచ్చు, మరో పనికి, ముఖ్యంగా జ్ఞాపకశక్తి పరీక్షలకు, దీన్ని యథాతథంగా ఎత్తుకెళ్లకూడదు. అక్కడ వాలు తరచూ 1 కంటే తక్కువగా వస్తుంది.

17వ రోజు

చివరి సెషన్‌లో ప్రశ్ననే మార్చాను. ప్రతి విడతలో రెండు హోరులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, బీప్ కచ్చితంగా ఒకదానిలో ఉంటుంది, మొదటిదా రెండోదా అన్నదే చెప్పాలి. ‘ఉందా లేదా’ అన్న ప్రశ్న లేదు కాబట్టి, జాగ్రత్తకూ తొందరపాటుకూ ఇక్కడ చోటు లేదు. మొదటిదాని వైపో రెండోదాని వైపో మొగ్గవచ్చు గానీ, అది లెక్కిస్తే తెలిసిపోతుంది.

వినిపించడానికి ముందే ఏం రావాలో రాసి పెట్టుకున్నాను. రెండు హోరులను పోల్చి చెప్పేటప్పుడు సరైన జవాబుల నిష్పత్తి, d'ను 2 వర్గమూలంతో భాగిస్తే వచ్చే విలువకు ఎడమన గంట వంపులో ఉన్న వైశాల్యానికి సమానం కావాలి. మామయ్య d' 1.75 అనుకుంటే 89 శాతం, తమ్ముడికి మూడు సెషన్ల సగటు 1.46 అనుకుంటే 85 శాతం.

మామయ్య 200కు 176 సరిగ్గా చెప్పారు, 88 శాతం. తమ్ముడు 168, అంటే 84 శాతం. మామయ్య ‘మొదటిది’ అన్నది 103 సార్లు, తమ్ముడు 98 సార్లు. ఎవరూ ఏ వైపూ ఒరగలేదు.

హెడ్‌ఫోన్లు తీసి పెడుతూ మామయ్య, ‘ఈసారి వదిలేసినవి తక్కువే ఉంటాయి కదమ్మా’ అన్నారు. ఆయనకు 6వ రోజు పేజీ తీసి చూపించాను. ఆరోజు 100 బీప్‌లకు 55 పట్టుకున్న చెవే ఈరోజు 200కు 176 చెప్పింది, హోరు కంటే 24 డెసిబెల్స్ కిందున్న అదే బీప్‌తో.